పెళ్లయ్యాక టీకా ఎందుకట!

మా అక్క కూతురికి 28 ఏళ్లు. "పెళ్లయిన పిల్లకి హెచ్‌పీవీ టీకా ఎందుకు?" అంటున్నారు ఇంట్లో. ఒంట్లో ఇప్పటికే చేరిన వైరస్‌ని టీకా పోగొట్టదు, నిజమే. అందుకే చిన్నప్పుడు వేయిస్తే ఉన్నంత లాభం ఇప్పుడుండదు. కానీ ఆ వైరస్‌లో చాలా రకాలున్నాయి. టీకాలో ఉన్నవాటిలో ఇంకా సోకని రకాల నుంచి రక్షణ దొరుకుతుంది. డాక్టర్‌ని అడిగి నిర్ణయించుకోవచ్చు. మొత్తం మూడు డోసులు: మొదటిది వేశాక రెండో నెలలో ఒకటి, ఆరో నెలలో ఒకటి. కడుపుతో ఉంటే కాన్పయ్యేదాకా ఆగాలి. టీకా వేయించుకున్నా పాప్ స్మియర్ పరీక్ష మానకూడదు.

"మగపిల్లాడికి గర్భసంచే లేదుగా!" అని ఇంకో వాదన. గొంతు క్యాన్సర్, మర్మాంగాల మీద పులిపిర్లు వాడికీ వస్తాయి. రేపు భార్యకి వైరస్ అంటించేదీ వాడే కావచ్చు. 15 నిండకముందే మొదలుపెడితే ఆరు నెలల తేడాతో రెండు డోసులు చాలు. ఇద్దరి మధ్యా తిరిగే వైరస్‌కి సూదిపోటు ఆడపిల్లకేనా?