రిజల్ట్ రాకముందే పిల్లలతోని మాట్లాడుండ్రి

మన దేవరుప్పుల దిక్కు వడ్లు సెంటర్ల పోసి, కాంటా ఎప్పుడైతదా అని చూసే రోజులల్లనే ఇంటర్ రిజల్ట్ కూడా వస్తది. మన పానమంతా మబ్బుల మీద, పట్టాల మీద ఉంటది. ఇంట్ల పిల్ల రాత్రి పండుకుంటున్నదా, మేలుకొనే ఉంటున్నదా అని ఎవ్వలం చూడం. పోయినేడు నేను కూడా చూడలే.

మా చిన్నది అప్పుడు ఎంపీసీ ఫస్ట్ ఇయర్. పరీక్షలు అయిపోయినంక అన్నం సగం తినుడు, చుట్టాలొస్తే లోపలికి పోవుడు మొదలుపెట్టింది. ఎండలకు అట్లున్నదేమో అనుకున్న. ఒకనాడు మోటర్ కాడ ఉన్నప్పుడు అడిగింది, "నాయినా, ఫెయిలైతే కాలేజీ బంద్ పెడ్తవా?" అని. నేను ఎన్నడూ అట్ల అనలే. కానీ అన్నం తినేటప్పుడల్లా "ఈ అప్పంతా నీ చదువుకే బిడ్డా, నీ మీదనే ఆశ పెట్టుకున్నం" అనేటోణ్ణి. నేను ప్రేమతోని అన్న. ఆ పిల్లకు అది బాకీ లెక్క వినవడ్డది.

"ఏం కాదు, భయపడకు" అంటే భయం పోదు. ఏమైతదో తెలువకనే కదా భయం. అందుకే తెలిసిన ఒక లెక్చరర్ సార్‌ను అడిగి, క్యాలెండర్ కాయితం వెనుక ఇద్దరం రాసుకున్నం. ఫస్ట్ ఇయర్ల సబ్జెక్టు పోయినా సెకండియర్‌కు పోవచ్చు, ఏడాది పోదు. రిజల్ట్ వచ్చిన నెల రోజులకే సప్లిమెంటరీ ఉంటది. మార్కుల మీద అనుమానముంటే రీకౌంటింగ్‌కు పేపర్‌కు 100 రూపాయలు, జవాబు పేపర్ స్కాన్ కాపీతోని రీవెరిఫికేషన్‌కు 600. ఇవన్నీ రిజల్ట్ వచ్చినంక వారం రోజులల్లనే కట్టాలె. రాసుడు అయినంక ఆ రాత్రి పిల్ల మంచిగ తిన్నది.

ఏప్రిల్ 22న రిజల్ట్ వచ్చింది. హాల్ టికెట్ నంబర్ ఎవ్వలకూ చెప్పలే, తనే చూసుకున్నది. ఫిజిక్స్‌ల 60కి 19. పాస్ కావాలంటే 21 రావాలె. మా బావ ఫోన్ చేసి "ఎన్నొచ్చినయ్?" అంటే, "వడ్లు కాంటా అయినంక మాట్లాడుత బావా" అని పెట్టేసిన. పిల్లతోని "ముందు అన్నం తిను, పొద్దుమీకి ఆ క్యాలెండర్ కాయితం తీద్దాం" అన్న, గంతే.

రీకౌంటింగ్‌కు, సప్లిమెంటరీకి రెంటికీ ఫీజు కట్టినం. ఇక్కడ చాలామంది తప్పు చేస్తరు. రీకౌంటింగ్‌ల వస్తదిలే అని సప్లిమెంటరీ ఫీజు తేదీ దాటిస్తరు. మాకు రీకౌంటింగ్‌ల ఒక్క మార్కు మారలే. మేల సప్లిమెంటరీ రాసింది, జూన్ల పాసైంది.

అట్లని వచ్చిన మార్కే ఆఖరు మాట అనుకోవద్దు. సెంటర్ల తేమ మిషన్ 17 దాటి చూపిస్తే ఇంకో దోసెడు వడ్లు పోసి మళ్ల చూడుమంటం కదా. 2019ల ఏప్రిల్ 18న ఇంటర్ రిజల్ట్ వచ్చినప్పుడు మంచిర్యాల జిల్లా పిల్లకు తెలుగుల సున్నా చూపించింది. మళ్ల చూస్తే 99. ఆ ఏడు ఆ కొన్ని దినాలల్లనే 20 మందికి పైగా పిల్లల ప్రాణాలు పోయినయ్. తర్వాత సర్కారు ఫెయిలైనోళ్ల పేపర్లన్నీ పైసల్లేకుంట మళ్ల చూపిస్తే, మూడు లక్షలకు పైగా మందిల 1,137 మంది పాసైండ్రు. అంటే తప్పు జరుగుతది, కానీ అందరికీ జరగదు. పిల్లలకు రెండూ చెప్పాలె.

ఇంకొకటి చెప్పాలె, మనసుల పెట్టుకోండ్రి. "నేను లేకుంటే మీకు ఖర్చు తప్పుతది" అని పిల్లలు నవ్వుకుంట అన్నా నవ్వులాటగా తీసుకోకుండ్రి. పక్కన కూసోని "చచ్చిపోవాలని అనిపిస్తున్నదా బిడ్డా?" అని సాఫ్‌గ అడుగుండ్రి. అడిగితే లేని ఆలోచన పుడ్తదని భయపడొద్దు, అట్ల కాదు. అవునంటే తిట్టొద్దు, ఒంటరిగ ఇడువొద్దు. టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే రాత్రి పగలు ఎప్పుడైనా తెలుగుల మాట్లాడుతరు, పైసలు పడవు. మనం రైతులం, పత్తి మందు డబ్బాలు అరుగు మీదనో మంచం కిందనో ఉంటయ్. రిజల్ట్‌కు ముందే వాటిని పెట్టెల పెట్టి తాళమేసి, చెవి మీ దగ్గర పెట్టుకోండ్రి. నేను మాత్రం పోయినేడు నుంచి ఆ పెట్టె తాళం వెయ్యకుండ ఇంట్ల ఉంచుతనే లేను.

ఈసారి మా చిన్నది సెకండియర్. క్యాలెండర్ కాయితం మళ్ల రాసుకున్నం. ఈ మాటు తనే రాసింది.