షుగర్ పుస్తకంలో నెలసరి తేదీ

షుగర్ పెరిగిందంటే మన ఇళ్లలో ఆడవాళ్లకు ఎదురయ్యే మొదటి ప్రశ్న "ఏం తిన్నావు?" అనే. ఆసుపత్రిలోనూ చాలాసార్లు అదే ప్రశ్న. "నెలసరి ఎప్పుడొచ్చింది?" అని అడిగేవారు తక్కువ. అడగాల్సిన ప్రశ్న అది. తిండిలో, మందులో ఏ తేడా లేకపోయినా నెలలో కొన్ని రోజులు షుగర్ పెరిగే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. చేయని తప్పుకు వాళ్లు మాట పడుతున్నారు.

అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ పెరుగుతుంది. దాంతో ఒంట్లో ఇన్సులిన్ పనితీరు మందగిస్తుంది. ఇరవై ఎనిమిది రోజులకు నెలసరి వచ్చేవాళ్లలో ఇది సుమారు పదిహేనో రోజు తర్వాత మొదలై, చివరి వారంలో బాగా తెలుస్తుంది. ఆ రోజుల్లో తీపి మీదికి మనసు పోవడమూ మామూలే. నెలసరి దగ్గర పడేసరికి ఆ హార్మోన్ పడిపోతుంది, ఇన్సులిన్ మళ్లీ చురుగ్గా పనిచేస్తుంది. ప్రమాదం పొంచి ఉండేది ఈ మలుపులోనే.

టైప్ 1 మధుమేహం ఉన్న ముప్పై ఏళ్ల అమ్మాయినే తీసుకుందాం. రాత్రి పూట 20 యూనిట్ల ఇన్సులిన్ వేసుకుంటుంది. పరగడుపు షుగర్ 110, 130 మధ్య ఉంటుంది. ఇరవయ్యో రోజు దాటాక అది 170, 185 అవుతుంది. డాక్టరుతో మాట్లాడి రాత్రి మోతాదును 22 యూనిట్లకు పెంచుకుంటుంది, రీడింగులు దిగుతాయి. అంతవరకూ బాగానే ఉంది. నెలసరి మొదలైన రోజు కూడా అలవాటుగా అదే 22 వేసుకుని పడుకుంటే, తెల్లవారుజామున మూడింటికి చెమటలు, గుండెదడ, చేతుల వణుకు. గ్లూకోమీటర్ 58 చూపిస్తుంది. పెంచిన రెండు యూనిట్లను ఏ రోజు తగ్గించాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. మోతాదు పెంచడం ఎంత ముఖ్యమో, నెలసరి కనబడిన రోజే పాత మోతాదుకు రావడం అంతకన్నా ముఖ్యం.

ఇది అందరిలో ఒకేలా ఉండదు. కొందరిలో అసలు తేడాయే కనబడదు. అందుకే ఎవరి లెక్క వాళ్లే తేల్చుకోవాలి. షుగర్ రాసుకునే పుస్తకంలో రీడింగు పక్కనే నెలసరి మొదలైనప్పటి నుంచి అది ఎన్నో రోజో రాయండి. మూడు నెలలు రాస్తే మీ వరస మీకే తెలుస్తుంది. పెళ్లికో వ్రతానికో నెలసరి వాయిదా వేసే మాత్రలు వేసుకుంటే అదీ రాయండి. అవి ప్రొజెస్టిరాన్‌లా పనిచేసే మందులు, వాటితోనూ షుగర్ పెరగొచ్చు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే ముందు మీ డాక్టరుకు ఒక మాట చెప్పండి.

నలభై అయిదు దాటాక ఈ లెక్క తప్పుతుంది. నెలసరి ఒకసారి ఇరవై రోజులకే వస్తుంది, ఇంకోసారి రెండు నెలలైనా రాదు. షుగర్ ఎప్పుడు పెరుగుతుందో అంచనా వేయడం కష్టమవుతుంది. నెలసరి పూర్తిగా ఆగాక ఈస్ట్రోజన్ తగ్గి, కొవ్వు పొట్ట చుట్టూ చేరి, ఇన్సులిన్‌కు ఒళ్లు అంతగా లొంగదు. ఈ వయసులో నన్ను ఎక్కువ కలవరపెట్టేది వేడి ఆవిర్లు. ఒక్కసారిగా చెమట, గుండెదడ. షుగర్ పడిపోయినా సరిగ్గా ఇలాగే ఉంటుంది. పడిపోయిందనుకుని రాత్రుళ్లు చక్కెర నీళ్లు తాగి పొద్దున్నే 240 చూసి బెంబేలెత్తేవారున్నారు. ఆవిర్లే కదా అని ఊరుకుని స్పృహ తప్పేవారూ ఉన్నారు. వేలు పొడిచి చూడటమే మార్గం. 70 కన్నా తక్కువ ఉంటే మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి. షుగర్ తక్కువగా లేకపోతే అది ఆవిరే కావచ్చు.

ఇక థైరాయిడ్. టైప్ 1 ఉన్న ఆడవాళ్లలో ఇది తరచూ తోడవుతుంది. థైరాయిడ్ మందగిస్తే వేసుకున్న ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, కాలేయం వదిలే చక్కెరా తగ్గుతుంది. అందుకే మోతాదు మార్చకపోయినా షుగర్ మాటిమాటికీ పడిపోతుంటే థైరాయిడ్‌ను అనుమానించాలి. విచిత్రంగా, అదే సమయంలో మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు. ఎర్ర రక్తకణాలు ఎక్కువ కాలం బతకడమే కారణం. నెలసరిలో రక్తం ఎక్కువగా పోయి ఐరన్ తగ్గినవాళ్లలోనూ ఆ సంఖ్య ఎక్కువగా రావచ్చు. ఆ కాగితం ఒక్కటే చూసి మందు పెంచితే షుగర్ ఇంకా పడిపోతుంది. థైరాయిడ్ అతిగా పనిచేస్తే మాత్రం షుగర్ నిజంగానే పెరుగుతుంది.

థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాక ఇన్సులిన్ అవసరం మళ్లీ పెరుగుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ పరీక్ష మళ్లీ చేయిస్తారు. ఆ రోజు రిపోర్టుతో పాటు నెలసరి తేదీలు రాసిన షుగర్ పుస్తకాన్ని కూడా డాక్టరు ముందు పెట్టండి. వాళ్లు అడగకపోయినా పెట్టండి.