ఒకే ఇల్లు... అయిదు ప్లాన్లు!

స్లాబ్ వేశాక సెంట్రింగ్ ఎన్ని రోజులకు తీయాలి? మా ఫ్రెండ్ ఫోన్‌లో ఈ ప్రశ్నకి రెండు జవాబులున్నాయి. షెడ్యూల్ షీట్‌లో ఏడు రోజులు, క్వాలిటీ షీట్‌లో పద్నాలుగు. రెండూ తను రాసుకున్నవే!

మనవాడు ఉన్న ఇంటి మీద ఫస్ట్ ఫ్లోర్ వేయిస్తున్నాడు. స్కోప్, షెడ్యూల్, కాస్ట్, రిస్క్, క్వాలిటీ... ఒక్కోదానికి ఒక్కో షీట్ చేసి, ‘ఓసారి చూడరా’ అని నాకు పంపాడు. ఇలాంటివి చూడటమే నా ఉద్యోగం కదా. విడివిడిగా చూస్తే ఒక్కదానికీ వంక పెట్టలేం. పక్కపక్కన పెట్టి చదివితేనే గొడవ బయటపడింది.

ఆ రెండు అంకెలూ నిజానికి కరెక్టే. మన దేశంలో కాంక్రీట్ పనులకు ఆధారం ఐఎస్ 456 అనే ప్రమాణం. దాని ప్రకారం నాలుగున్నర మీటర్ల లోపు స్లాబ్ కింది పోట్లు ఏడు రోజులకు తీయొచ్చు. ఆరు మీటర్ల లోపు బీమ్ కిందివి మాత్రం పద్నాలుగు రోజులు ఉండాలి. ఇవి మామూలు సిమెంట్‌కి చెప్పిన లెక్కలు. వేరే రకం వాడితే ఇంజనీర్ మార్చి చెబుతాడు. మనవాడి హాల్లో అయిదు మీటర్ల బీమ్ ఉంది. షెడ్యూల్‌లోనేమో ‘సెంట్రింగ్ తీయడం’ అని ఒకటే లైను, ఎనిమిదో రోజున. తొమ్మిదో రోజు నుంచి హాల్లో ప్లాస్టరింగ్!

మరి ఆ వారం తేడా ఎక్కడెక్కడికి పోతుందో చూడండి. బీమ్ కింది సామానుకు అద్దె రోజుకు 600 అనుకుంటే, ఏడు రోజులకు 4,200. ఇది కాస్ట్ షీట్‌లో లేదు. డబ్బు సంగతి చిన్నదే. అసలు దెబ్బ ప్లాస్టరింగ్ మేస్త్రీ దగ్గర పడుతుంది. వారం ఖాళీగా ఎందుకుంటాడు? ఇంకో సైటుకి వెళ్తాడు. మళ్లీ ఎప్పుడొస్తాడన్నది అక్కడి పని మీద ఉంటుంది. అందుకే ఆ ఒక్క లైనుని రెండు చేశాం: స్లాబ్ పోట్లు ఎనిమిదో రోజు, బీమ్ పోట్లు పదిహేనో రోజు. ప్లాస్టరింగ్‌ని ముందు బెడ్‌రూమ్‌లో మొదలుపెట్టించి, హాలు చివరికి నెట్టాం.

రిస్క్ షీట్‌ది ఇంకో రకం. ‘వానపడితే స్లాబ్ వారం ఆలస్యం’ అని బాగానే రాశాడు. కానీ షెడ్యూల్‌లో ఆ వారం లేదు, కాస్ట్‌లో ఆ డబ్బూ లేదు. రాసిన రిస్క్ ఈ రెండు షీట్లలోకీ వెళ్లకపోతే అది వాతావరణ సూచనతో సమానం! వాన వచ్చే అవకాశం 40 శాతం, వస్తే నష్టం 25,000 అని తన అంచనా. రెండూ గుణిస్తే 10,000. దాన్ని విడిగా పక్కన పెట్టించాను. నిజంగా వాన వస్తే 10,000 సరిపోదు కదా అంటారా? సరిపోదు. ఇలాంటి రిస్కులు ఓ ఏడెనిమిది ఉంటే, కొన్ని జరుగుతాయి, కొన్ని జరగవు. అప్పుడే ఈ లెక్క పనికొస్తుంది. ఒక్క వానకే భయపడుతుంటే మొత్తం 25,000 ఉంచుకోవాల్సిందే.

ఇంత చేశాక ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్లాన్ అంటే అయిదు షీట్లూ కలిపి ఒకే పీడీఎఫ్ చేయడమా అని అడిగాడు. కాదు. షీట్లు అలాగే ఉంటాయి. వాటి పైన ఒక పేజీ వస్తుంది. ఏ తేదీ నాటి పనుల జాబితా, ఏ షెడ్యూల్, ఎంత బడ్జెట్ అందరం ఒప్పుకున్నామో అందులో ఉంటుంది. దాన్నే బేస్‌లైన్ అంటారు. దాన్ని మార్చాలంటే ఎవరు సరే అనాలో కూడా అక్కడే రాయాలి.

ఆ పేజీకి వారంలోనే పని పడింది. ‘ఇంకో అటాచ్డ్ బాత్రూమ్ ఉంటే బాగుండు’ అన్నారు వాళ్లమ్మగారు. వెంటనే సరే అనకుండా అయిదు షీట్లూ తిప్పాడు. బాత్రూమ్ అంటే పైపుల కోసం అక్కడ స్లాబ్‌ని కిందికి దించి వేయాలి. అది స్లాబ్ పడకముందే తేలాలి. అంటే నిర్ణయానికి ఆఖరి తేదీ ఒకటి షెడ్యూల్‌లోకి వచ్చింది. సెంట్రింగ్‌కి రెండు రోజులు పెరిగాయి. ఖర్చు 85,000 అని తేలింది. రిస్క్‌లో లీకేజీ చేరింది. దాంతో క్వాలిటీలో, టైల్స్‌కి ముందు రెండు రోజులు నీళ్లు నింపి చూడాలన్న పరీక్ష వచ్చింది. ఆ రెండు రోజులు మళ్లీ షెడ్యూల్‌లోకి వెళ్లి, సరిగ్గా టైల్స్ మేస్త్రీ వచ్చే తేదీల మీద పడ్డాయి! ఆయనకి ఫోన్ చేసి తేదీ మార్పించాకే ‘మార్పు 1’ అని కొత్త తేదీ, కొత్త బడ్జెట్ రాశాడు. డబ్బులో సగం అమ్మగారిది కాబట్టి కింద సంతకాలు రెండు.