అండగా ఉంటామంటూనే మెలిక
అమెరికాలో దావా పడిన చిరు వ్యాపారికి బీమా సంస్థ పంపే ‘రిజర్వేషన్ ఆఫ్ రైట్స్’ లేఖ క్లెయిం తిరస్కరణ కాదు, అలాగని అభయపత్రమూ కాదు. కాలిఫోర్నియాలో ఒక రెస్టారెంట్ యజమాని గొడవలో కస్టమర్‌ను నెట్టేశాడని దావా పడిందనుకుందాం. సంస్థే లాయర్‌ను పెడుతుంది. కానీ కావాలనే నెట్టాడని తేలితే పరిహారం కట్టబోమని లేఖలో ముందే చెప్పుకుంటుంది. నిర్లక్ష్యమని తేలితే భారం సంస్థది, ఉద్దేశపూర్వకమైతే యజమానిది. సంస్థ పెట్టిన లాయర్ వాదనను ఎటు నడిపిస్తాడన్నదే అసలు చిక్కు. అందుకే కాలిఫోర్నియాలో 1984 నాటి క్యూమిస్ తీర్పు, ఆపై ఆ రాష్ట్ర సివిల్ కోడ్ 2860వ సెక్షన్ ఇలాంటి సందర్భాల్లో సంస్థ ఖర్చుతోనే స్వతంత్ర లాయర్‌ను పెట్టుకునే హక్కునిచ్చాయి. ప్రతి లేఖకూ ఇది వర్తించదు. దావా మొత్తం పాలసీ పరిమితిని మించిందన్న ఒక్క కారణం చాలదు. కాబట్టి లేఖ అందగానే ఏ ఆరోపణకు ఏ నిబంధన చూపారో సొంత లాయర్‌తో చదివించుకుని, స్వతంత్ర లాయర్ కావాలని రాతపూర్వకంగా అడగాలి. ఆ హక్కు వదులుకుంటున్నట్టున్న కాగితంపై తొందరపడి సంతకం పెట్టరాదు. అంబ్రెల్లా పాలసీ ఉంటే ఆ సంస్థకూ వెంటనే తెలపాలి. ఇక సంస్థలు చేయాల్సింది ఒకటుంది: పాలసీ నిబంధనలన్నీ పేజీలకొద్దీ ఎత్తిరాయడం మాని, తమ అభ్యంతరమేమిటో, పాలసీదారుకున్న హక్కేమిటో మొదటి పేజీలోనే తేటగా చెప్పాలి.