ముహర్ పెద్దదైతే కాగజ్ గట్టిదవుతుందా?

గుంటూరులో ఉండే మా ఖాలా ఉమ్రాకి పోదామని పాస్‌పోర్టుకి దరఖాస్తు పెట్టుకుంది. మొహల్లాలో ఈ పనులు చూసే ఏజెంట్ ఒకాయన ఆమె చేత రెండు హల్ఫ్‌నామాలు చేయించాడు. ఒక్కోదానికి 500. ఆధార్, ఓటర్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సుల మీద ఒక గెజిటెడ్ ఆఫీసర్ సంతకం పెట్టించి 300 తీసుకున్నాడు. "ఖాలా, మీ దస్తఖత్ ఉర్దూలో ఉంది, అది చెల్లదు. పెద్ద ముహర్ ఉండాల్సిందే" అన్నాడట. 1,300 రూపాయలు పోయాయి. పాస్‌పోర్టు కౌంటర్‌లో ఆ హల్ఫ్‌నామాలు ఎవరూ అడగలేదు. అసల్ కాగజాలు చూశారు, నకళ్ల మీద ఆమె సంతకమే పెట్టమన్నారు. ఆమె ఉర్దూలోనే పెట్టింది. తీసుకున్నారు.

నాకు ఏజెంట్ మీద కన్నా మన మీదే ఎక్కువ గుస్సా. దఫ్తర్ గుమ్మం ఎక్కగానే మన సంతకానికి ఖీమత్ లేదని మనమే ముందు ఒప్పేసుకుంటాం. పాస్‌పోర్టు రూల్స్ 2016 డిసెంబర్‌లోనే మారాయి. దరఖాస్తుతో ఇచ్చే డిక్లరేషన్లన్నీ తెల్ల కాగితం మీద మనమే రాసి సంతకం చేస్తే చాలని, నోటరీ గానీ మేజిస్ట్రేట్ గానీ అక్కర్లేదని విదేశాంగ శాఖే ప్రకటించింది. అంతకు ముందు 2013 మేలోనే, అటెస్టేషన్ బదులు సెల్ఫ్ అటెస్టేషన్ తీసుకోండి, అసల్ కాగజాలు చివరి దశలో చూసుకోండి, చట్టం అడగని చోట అఫిడవిట్ అడగకండి అని కేంద్రం తన శాఖలకూ రాష్ట్రాలకూ రాసింది. మేం ఇంటర్‌లో చేరేటప్పుడు సర్కారీ దవాఖానా బయట డాక్టర్ సాబ్ ఓపీ అయ్యేదాకా మార్కుల మెమో జిరాక్సులు పట్టుకుని నిలబడ్డ రోజులు నాకు గుర్తున్నాయి. ఆ భయమే ఇప్పుడు మన పిల్లలకి అంటిస్తున్నాం.

అసలు ఏ ముహర్ దేనికి గవాహీ ఇస్తుందో తెలిస్తే సగం పరేషానీ పోతుంది.

సెల్ఫ్ అటెస్టేషన్ అంటే "ఈ నకల్ నా దగ్గరున్న అసల్‌కి సరిగ్గా సరిపోతుంది" అని మీరే చెప్పడం. జిరాక్స్ ప్రతి పేజీ మీద ఖాళీ జాగాలో "అసలు ప్రతికి సరైన నకలు" అని రాసి, పూర్తి సంతకం, పేరు, తారీఖు వేయాలి. ఏ పని కోసం ఇస్తున్నారో కూడా రాయండి, "స్కాలర్‌షిప్ కోసం మాత్రమే" అన్నట్టు. ఆ నకల్ రేపు ఇంకెవరి చేతిలోనో సిమ్ కార్డుగా మారకుండా అదొక అడ్డు. ఫొటో మీదా, నంబర్ మీదా రాత పడనివ్వకండి. ఉర్దూ దస్తఖత్ దస్తఖతే, కాకపోతే అన్ని చోట్లా ఒకేలా ఉండాలి. సొంత సంతకం కదా అని అబద్ధపు నకల్ పెడితే మాత్రం అది నేరం. జిమ్మేదారీ మొత్తం మీదే.

గెజిటెడ్ ఆఫీసర్ తస్దీక్ అంటే సర్కారీ హోదా ఉన్న మూడో మనిషి అసల్ చూశానని గానీ, మిమ్మల్ని ఎరుగుదునని గానీ చెప్పడం. తహసీల్దార్, ఎంపీడీవో, సర్కారీ డాక్టర్, సర్కారీ కాలేజీ ప్రిన్సిపాల్ ఇలాంటివాళ్లు. ఇది నిజంగా కావలసిన జాగా ఒకటి చెప్తా. ఆధార్‌లో అడ్రస్ మార్చాలి, మీ పేరు మీద కరెంటు బిల్లు లేదు, రెంట్ అగ్రిమెంట్ లేదు. కిరాయి ఇళ్లలో ఉండే మన ఆడవాళ్లలో చాలామంది హాలత్ ఇదే. అప్పుడు యూఐడీఏఐ వాళ్లు ఇచ్చిన నమూనా సర్టిఫికెట్ తీసుకుని, ఫొటో అతికించి, గెజిటెడ్ ఆఫీసర్ దగ్గర గానీ ఎమ్మెల్యే దగ్గర గానీ సంతకం చేయించుకోవచ్చు. సంతకం, ముహర్ సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడాలి. తారీఖు నుంచి మూడు నెలలే చెల్లుతుంది. ఆఫీసర్ పేరు, హోదా ముహర్‌లో కనపడకపోతే తిప్పి పంపేస్తారు.

ఇక నోటరీ. మనవాళ్ల గలతీలన్నీ ఇక్కడే. నోటరీ రెండు పనులు చేస్తాడు. అసల్ చూసి నకల్‌ని తస్దీక్ చేయడం ఒకటి. మీరు కసమ్ చేసి చెప్పిన మాట కింద, "ఈ మనిషి నా ముందు కసమ్ చేసి సంతకం పెట్టాడు" అని రాయడం రెండోది. బాగా వినండి, మీరు చెప్పింది సచ్ అని అతను అనడం లేదు. మీరు చెప్పారని మాత్రమే అంటున్నాడు. అందుకే మీరు అతని ముందే సంతకం పెట్టాలి. అతని రిజిస్టర్‌లో ఎంట్రీ పడాలి, అందులోనూ మీ సంతకం ఉండాలి, ఆ నంబర్ కాగజ్ మీదకి రావాలి. చదువు రాని మనిషైతే ఆమె జబాన్‌లో చదివి వినిపించి, అర్థమైందని రాసి, అప్పుడు వేలిముద్ర తీసుకోవాలి. జిరాక్స్ సెంటర్‌లో ముందే ముహర్ వేసి పెట్టిన ఖాళీ స్టాంపు పేపర్ మీ చేతికొస్తే అది హల్ఫ్‌నామా కాదు. దాని మీద ఒక రూపాయి కూడా పెట్టొద్దు.

ఖాలాకి పోయింది 1,300. ఇదే ముహర్ మీద నమ్మకంతో ఇల్లు పోగొట్టుకునేవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్ పురానా షహర్‌లో "నోటరీ ఇల్లు" అంటే తెలియనివాడు లేడు. 60 గజాల ఇల్లు, స్టాంపు పేపర్ మీద అమ్మకం, కింద గుండ్రటి ముహర్, అంతే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం వంద రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకం సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ కావాలి. నోటరీ కాగజ్ వల్ల డబ్బు చేతులు మారిందని రుజువు దొరకొచ్చు, ఇల్లు మాత్రం చేతులు మారదు. బ్యాంకు దాని మీద లోన్ ఇవ్వదు. అమ్మినవాడి కొడుకులు రేపు వచ్చి కూర్చుంటే మీరు కోర్టు మెట్లెక్కాల్సిందే. ఇలాంటి ఇళ్లు ఎన్నో ఉన్నాయి కాబట్టే తెలంగాణ ప్రభుత్వం 2023లో వాటిని రెగ్యులరైజ్ చేసేందుకు జీవో తేవాల్సి వచ్చింది. తక్కువలో వస్తుందని కొనేవాళ్లని ఏమనను, మజ్బూరీ తెలుసు. కానీ "నోటరీ అయింది భాయ్, పక్కా" అని అమ్మేవాడు చెప్పేది ఝూట్.

పవర్ ఆఫ్ అటార్నీదీ ఇదే కథ. ఇక్కడే ఉంటున్న అబ్బా తన బదులు రిజిస్ట్రేషన్‌కి కొడుకుని పంపాలంటే ఆ పవర్ కాగజ్‌ని సబ్ రిజిస్ట్రారే తస్దీక్ చేయాలి, నోటరీ చాలదు. దుబాయ్‌లో ఉన్న కొడుకు ఇక్కడి అబ్బాకి పవర్ ఇవ్వాలంటే అక్కడి నోటరీ గానీ మన కాన్సులేట్ గానీ చేయవచ్చు.

ఇంకోటి, చెప్పకపోతే గునాహ్. స్టాంపు పేపర్ మీద నోటరీ చేయించి నికాహ్ అయిందనో, ఖులా అయిపోయిందనో అనుకోవడం. పెళ్లి పత్రాలూ విడాకుల పత్రాలూ చేయడం నోటరీ పని కాదని కేంద్ర న్యాయ శాఖ 2024లో నోటరీలకే హెచ్చరిక పంపింది. నికాహ్‌కి ఖాజీ రికార్డు ఉండాలి, ఖులాకి సరైన తరీఖా ఉంది. లేకపోతే ఆ ఆడపిల్ల రెండో నికాహ్ అప్పుడో, పిల్లల పాస్‌పోర్టు అప్పుడో ఆ గుండ్రటి ముహర్ పట్టుకుని దఫ్తర్‌లో బిక్కమొహం వేసుకుని నిలబడుతుంది.

ఖాలా తీసుకున్న ఆ రెండు హల్ఫ్‌నామాలు ఇంకా ఆమె పెట్టెలోనే ఉన్నాయి. వాటిలో ఏం రాసి ఉందని అడిగాను. "నాకేం తెలుసు బేటా, వాడు చదవలేదు కదా" అంది.