ఏక్యూఐ: ఒకే గాలి.. ఒక యాప్‌లో 83, మరో యాప్‌లో 137! ఎందుకీ తేడా?

చలికాలం మొదలైతే చాలు.. హైదరాబాద్ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఏక్యూఐ స్క్రీన్‌షాట్లు తిరుగుతుంటాయి. ఒకరి ఫోన్‌లో 83, పక్క ఫ్లాట్ వాళ్ల ఫోన్‌లో 137. ఏదో ఒకటి తప్పంటూ వాదన. కానీ రెండూ కరెక్టే అయ్యే ఛాన్స్ ఉంది.

అసలు మిషన్ కొలిచేది ఏక్యూఐని కాదు. ఒక ఘనపు మీటరు గాలిలో ఏ కాలుష్యం ఎన్ని మైక్రోగ్రాములు ఉందో కొలుస్తుంది. దాన్ని స్కేల్ మీదకు మారిస్తే వచ్చేదే ఏక్యూఐ. ఆ స్కేల్ దేశానికోలా ఉంటుంది.

ఉదాహరణకు పీఎం 2.5, అంటే ఊపిరితిత్తుల లోపలి దాకా వెళ్లే సన్నటి ధూళి, 24 గంటల సగటు 50 మైక్రోగ్రాములు ఉందనుకుందాం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి (సీపీసీబీ) లెక్కలో 30 నుంచి 60 మైక్రోగ్రాముల వరకు ఏక్యూఐ 50 నుంచి 100 దాకా పెరుగుతుంది. 50 అంటే అందులో మూడింట రెండొంతుల దూరం. కాబట్టి 83, కేటగిరీ 'సంతృప్తికరం'. అదే 50ని అమెరికా స్కేల్‌లో వేస్తే 137. అక్కడ దాని అర్థం పిల్లలు, వృద్ధులు, ఆస్తమా ఉన్నవాళ్లకు మంచిది కాదని.

గాలి మారలేదు, గీత మారింది. ఏక్యూఐలో 100 అంటే ఆ దేశం పెట్టుకున్న 24 గంటల పరిమితి. పీఎం 2.5కి మన దగ్గర అది 60, అమెరికాలో 35. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించేది 15 మాత్రమే. కాబట్టి ఇంట్లో ఆస్తమా పేషెంట్ ఉంటే 'సంతృప్తికరం' అనే మాట చూసి నిశ్చింతగా ఉండలేం. సీపీసీబీ వివరణలోనే ఆ కేటగిరీలో సున్నితమైన వాళ్లకు స్వల్పంగా శ్వాస ఇబ్బంది రావొచ్చని ఉంది.

ఇంకో తిరకాసు.. ఏక్యూఐ సగటు కాదు. ఒక్కో కాలుష్యానికి విడిగా అంకె కట్టి, వాటిలో పెద్దదాన్నే ప్రకటిస్తారు. పై ఉదాహరణలోనే రోడ్డు పనుల వల్ల పీఎం 10 అనే ముతక ధూళి 130 ఉంటే దాని అంకె 120. అప్పుడు ఆ రోజు ఏక్యూఐ 120, కేటగిరీ 'మధ్యస్థం'. 83 కనిపించనే కనిపించదు. అందుకే అంకె పక్కన ఏ కాలుష్యం పేరుందో చూడాలి.

పైగా సీపీసీబీ ధూళి అంకె 24 గంటల సగటు. తెల్లవారుజామున గాలి కదలక పొగ నేలకు దగ్గరగా పేరుకున్నా, మధ్యాహ్నం గాలి తేలికపడితే సగటు తగ్గిపోతుంది. ఉదయం 6 గంటలకు వాకింగ్‌కు వెళ్లేవాళ్లు పీల్చేది ఆ సగటును కాదు. వాళ్లకు పనికొచ్చేది ఆ గంటలో పీఎం 2.5 ఎన్ని మైక్రోగ్రాములు ఉందన్న రీడింగే.