విజిల్ ఎవరి చేతిలో ఉంది?

ఏజెన్సీ బడుల స్టాఫ్‌రూముల్లో ఒక మాట తరచూ వినపడుతుంది. "వీళ్లు ఆటంటే ముందుంటారు, చదువంటే వెనకుంటారు" అని. పైకి పొగడ్తలా ఉంటుంది గానీ అది తిట్టే. ఆట వేరు, చదువు వేరు అని గీత గీసి, మన పిల్లల్ని గీతకు అవతల నిలబెట్టే మాట అది. ఆదివాసీ ఉపాధ్యాయులుగా మేము ఈ మాటను ఒప్పుకోం. అలాగని "ఆటలు క్రమశిక్షణ నేర్పుతాయి" అని మైకులో చెప్పి దిగిపోయే పెద్దల మాటా మాకు చాలదు. ఏం నేర్పుతాయో, ఎవరికి నేర్పుతాయో లెక్క తేల్చుకుందాం.

మన ఊళ్లలో సంక్రాంతికో, వేసవిలోనో కుర్రాళ్ల యువజన సంఘం పెట్టే వాలీబాల్ టోర్నమెంటునే తీసుకుందాం. ముందు కోర్టు గీయాలి. పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. టేపు పెట్టి కొలవడం ఎవరికైనా వస్తుంది. చిక్కంతా మూల దగ్గరే. మూల సరిగ్గా రాకపోతే కోర్టు ఒక పక్కకు వాలిపోతుంది, బంతి లోపల పడిందా బయట పడిందా అని రోజంతా తగాదా. తెలిసిన కుర్రాడు ఏం చేస్తాడు? ఒక మూల నుంచి వెనక గీత మీద 9 మీటర్ల దగ్గర ఒక మేకు, పక్క గీత మీద 12 మీటర్ల దగ్గర ఇంకో మేకు కొడతాడు. రెండు మేకుల మధ్య తాడు సరిగ్గా 15 మీటర్లు వస్తే మూల నిలిచినట్టు. కోర్టంతా గీశాక ఎదురెదురు మూలల మధ్య దూరాలు రెండూ కొలుస్తాడు. రెండూ సమానంగా, 20 మీటర్లకు కాస్త పైన ఉంటేనే సున్నం పోస్తాడు. పదో తరగతిలో పైథాగరస్ సిద్ధాంతం దగ్గర ఇతనికి మార్కులు పడలేదు. కానీ నేల మీద ఆ సిద్ధాంతాన్ని నిలబెట్టింది ఇతనే.

తర్వాత డ్రా. 11 జట్లు వచ్చాయనుకుందాం. తెలియనివాళ్లు జతలు కట్టుకుంటూ పోతారు. 5 మ్యాచులు, ఒక జట్టుకు బై. మిగిలేవి 6 జట్లు. 3 మ్యాచులయ్యాక 3 జట్లు మిగులుతాయి. అందులో రెండు ఆడితే మూడోది ఆడకుండానే ఫైనల్లో కూర్చుంటుంది. అక్కడే గొడవ మొదలవుతుంది. ఆ మూడో జట్టు నిర్వాహకుల ఊరిదైతే ఇక చెప్పక్కర్లేదు. తెలిసినవాళ్లు బైలన్నీ మొదటి రౌండులోనే తీర్చేస్తారు. రెట్టిస్తూ పోతే 2, 4, 8, 16. 11కి పైన వచ్చేది 16. 16లోంచి 11 తీస్తే 5. చీటీలు తీసి 5 జట్లకు బై ఇస్తారు. మిగిలిన 6 జట్లు 3 మ్యాచులు ఆడతాయి. గెలిచిన 3, బై వచ్చిన 5 కలిసి 8. అక్కడి నుంచి 4, 2, 1 మ్యాచులతో ఫైనల్ దాకా ఏ జట్టూ ఊరికే కూర్చోదు. మొత్తం ఎన్ని మ్యాచులని అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టకుండానే 10 అంటారు. ఒక్కో మ్యాచు ఒక్కో జట్టును ఇంటికి పంపుతుంది, 11లో 10 ఇంటికి పోవాలి కాబట్టి. బీజగణితం ఇంతకన్నా తేటగా ఏ నల్లబల్ల మీదా కనపడదు.

మూడోది డబ్బు. 15 జట్లు వస్తాయనుకుని, జట్టుకు 300 చొప్పున 4500 వసూలవుతుందని లెక్కేస్తారు. ఆ ధైర్యంతో మొదటి బహుమతి 2500, రెండోది 1500 అని పోస్టరు వేస్తారు. బంతి, నెట్టు, సున్నం, మంచినీళ్లకు ఇంకో 1200. తీరా 11 జట్లే వస్తాయి. వసూలు 3300, ఖర్చు 5200. లోటు 1900. అది ఎవరు కడతారు? సంఘం పెద్ద కూలి డబ్బుల్లోంచి కడతాడు, లేదా ఏ కాంట్రాక్టరు దగ్గరికో, ఏ పార్టీ నాయకుడి దగ్గరికో పోతాడు. నాయకుడు ఇస్తాడు. మరుసటి రోజు గ్రౌండు చుట్టూ ఆయన ఫ్లెక్సీలే, ఫైనల్ ముందు ఆయన ఉపన్యాసమే. ఆ 1900 కోసం సంఘం తన నోరు తాకట్టు పెట్టినట్టే. దీనికి విరుగుడు పెద్దదేమీ కాదు. వచ్చిన ఎంట్రీ ఫీజులో సగం బహుమతులకు అని పోస్టరు మీద రాస్తే చాలు. 11 జట్లయితే 1650 బహుమతులకు పోతుంది, మిగిలిన 1650లో ఖర్చు 1200 పోను 450 సంఘానికి మిగులుతుంది. బడ్జెట్ అంటే ఏమిటో, అప్పు మనిషిని ఎక్కడికి తీసుకుపోతుందో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

ఇంతవరకు బాగుంది. ఇక మా అసలు గొడవ. ఈ చదువంతా ఎవరికి అందుతోంది? ప్రతి ఏడాదీ డ్రా వేసేది అదే ఒకడు, డబ్బు సంచి పట్టేది అదే ఇంకొకడు. మిగతా ముప్పై మంది కుర్చీలు మోస్తారు, నీళ్లు పడతారు. ఆడపిల్లలు అతిథులకు బొట్టు పెట్టి, వంట దగ్గర కూర్చుంటారు. దాన్నీ వాలంటీర్ పని అంటున్నాం. బడిలో సభ జరిగినా, మండలంలో అధికారి మీటింగు జరిగినా మన పిల్లలకు దొరికే వాలంటీర్ పని అదే, కుర్చీలు వేయడం, కుర్చీలు తీయడం. మేము ఒకటే ప్రశ్న అడుగుతాం. విజిల్, పెన్ను, డబ్బు సంచి ఈ మూడింటిలో ఏదైనా ఆ పిల్ల చేతికి వచ్చిందా? వస్తే అది నేర్చుకోవడం. రాకపోతే అది కూలి లేని కూలిపని. జాతీయ సేవా పథకంలో రెండేళ్లకు 240 గంటల సేవ చేయాలంటారు. గంటలు నిండడం ఒక్కటే చాలదు, ఆ గంటల్లో ఏ నిర్ణయం వాళ్లు చేశారో కూడా చూడాలి.

పని మార్చుకోవడం మనకు కొత్తా? బస్తర్ మురియా గోండుల గోటుల్‌లో యువతీ యువకులు తమ పనులకు తామే బాధ్యులను పెట్టుకుని నడుపుకున్నారు. అక్కడ అమ్మాయిలకూ హోదాలుండేవి. అంత వారసత్వం ఉన్నవాళ్లం నెట్టుకు ఒక పక్క మగపిల్లల్ని, వంటపొయ్యి దగ్గర ఆడపిల్లల్ని పెట్టి సంప్రదాయం అనుకోవడం సిగ్గుచేటు. మగవాళ్ల నెట్టు 2.43 మీటర్లు, ఆడవాళ్లది 2.24. తేడా 19 సెంటీమీటర్లే. తాడు దించి కట్టడానికి ఐదు నిమిషాలు చాలు.

ఇంకో భ్రమ కూడా వదలాలి. ఊరి టోర్నమెంటు సర్టిఫికెట్ స్పోర్ట్స్ కోటాలో చెల్లదు. అది చూపి ఉద్యోగం వస్తుందని పిల్లలకు ఆశ పెట్టకండి. డ్రా వేసినవాడు దానంతటదే పరీక్షలో బీజగణితం చేసేయడు కూడా. నేల మీద తెలిసింది కాగితం మీదికి రావాలంటే మధ్యలో ఎవరో ఒక వంతెన వేయాలి. ఆ పని మాది, ఉపాధ్యాయులది. 2020 జాతీయ విద్యా విధానం పాఠ్యాంశానికీ ఆటలకూ మధ్య గోడ ఉండకూడదని రాసింది. కాగితం మీద గోడ పోయింది, టైంటేబుల్లో పోలేదు. ఆటల పీరియడ్‌ను లెక్కల సిలబస్‌కు మింగించేది మనమే కదా!

యువజన సంఘాలను మేము అడిగేది ఒక నోటు పుస్తకం. అందులో డ్రా ఎవరు వేశారు, కోర్టు ఎవరు గీశారు, స్కోరు ఎవరు రాశారు, ఎంత వచ్చింది, ఎంత పోయింది అని పేర్లతో, సంతకాలతో రాయండి. ఏడాదికేడాది ఆ పేర్లు మారాలి, సగం పేర్లు ఆడపిల్లలవి కావాలి. అవే పేర్లు మళ్లీ కనపడితే మీది సంఘం కాదు, ఇద్దరి సొంత దుకాణం. ఉపాధ్యాయ మిత్రులారా, ఆ పుస్తకాన్ని తరగతికి తీసుకురండి. 11 జట్లకు 10 మ్యాచులైతే 27 జట్లకు ఎన్ని, బైలు ఎన్ని అని అడగండి. ముందుగా చెయ్యెత్తేది ఎవరో చూశాక, వెనకబడినవాళ్లు ఎవరన్నది మళ్లీ మాట్లాడుకుందాం.